స్టెమ్ ఎత్తు, బేస్ వెడల్పు, టో పొడవు: ఈ మూడు కొలతల నుంచి రిటైనింగ్ వాల్ కాంక్రీట్, స్టీల్ లెక్క

వాలు ప్లాట్‌లో ఇల్లు కట్టే వాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "సార్, నాలుగు మీటర్ల గోడ. కాంక్రీట్ ఎంత పడుతుంది, స్టీల్ ఎన్ని టన్నులు తెప్పించాలి?" కాంక్రీట్ సంగతి పది నిమిషాల్లో చెప్పొచ్చు. స్టీల్ దగ్గరే చాలామంది "క్యూబిక్ మీటర్‌కి 80 కిలోలు వేసుకోండి" అని తేల్చేస్తారు. ఒక గోడకి ఆ అంకెతో టన్నుకి పైగా ఎక్కువ స్టీల్ దిగుతుంది, ఇంకో గోడకి సగంలో పని ఆగుతుంది. రాడ్ల వారీగా లెక్క వేస్తే రెండూ జరగవు. ఒక నిజమైన గోడ తీసుకుని ఆ లెక్క మొదటి నుంచి చివరి దాకా వేద్దాం.

గోడ హైదరాబాద్ శివార్లలో ఒక వాలు ప్లాట్‌లోది. పొడవు 20 మీటర్లు. స్టెమ్ ఎత్తు 4 మీటర్లు, బేస్ వెడల్పు 3 మీటర్లు, టో పొడవు 0.9 మీటర్లు. వెనక మొరం నింపారు, పైన వాహనాలు తిరగవు. ఎం25 కాంక్రీట్, ఎఫ్ఈ 500 స్టీల్.

ముందు భాగాల పేర్లు, కొలిచే పద్ధతి

కాంటిలీవర్ గోడ అడ్డంగా కోసి చూస్తే తలకిందులైన "టీ" ఆకారంలో ఉంటుంది. నిలువుగా నిలబడేది స్టెమ్. కింద పరుచుకున్న పలక బేస్. స్టెమ్‌కి ముందు వైపు, అంటే మనకి గోడ కనిపించే వైపు, బేస్ పొడుచుకొచ్చిన భాగం టో. వెనక మట్టి కిందికి వెళ్ళిన భాగం హీల్. గోడని నిలబెట్టేది ముఖ్యంగా ఆ హీల్ మీద కూర్చున్న మట్టి బరువే.

స్టెమ్ ఎత్తుని బేస్ పై అంచు నుంచి గోడ తల దాకా కొలవాలి. నేల మట్టం నుంచి కాదు. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. మా గోడలో బేస్ పై అంచు ముందు నేల కంటే అర మీటర్ కింద ఉంది. బయటికి కనిపించేది మూడున్నర మీటర్లే కాబట్టి ఓనర్ దృష్టిలో అది "మూడున్నర మీటర్ల గోడ". ఆ అంకెనే స్టెమ్ ఎత్తుగా రాసుకుంటే కాంక్రీట్ 3 క్యూబిక్ మీటర్లు తగ్గడంతో ఆగదు. స్టెమ్ అడుగున వంచే మూమెంట్ ఎత్తు ఘనంతో పెరుగుతుంది. 3.5 ని 4 తో భాగించి ఘనం చేస్తే 0.67 వస్తుంది. అంటే నిజంగా వచ్చే మూమెంట్‌లో మూడో వంతు లెక్కలోకి రాకుండా పోతుంది. డ్రాయింగ్‌లో బేస్ పై అంచు లెవెల్, గోడ తల లెవెల్ రెండూ చూసి తీసివేత చేసుకోండి. నోటి మాట మీద ఆధారపడొద్దు.

మందాలు ఎక్కడి నుంచి వస్తాయి

మూడు కొలతలు ఉన్నా మందాలు లేకుండా ఘనపరిమాణం రాదు. డిజైన్ డ్రాయింగ్ ఉంటే అందులోవే తీసుకోండి. అంచనా దశలో డ్రాయింగ్ లేకపోతే బేస్ మందం మొత్తం ఎత్తులో పన్నెండో వంతు నుంచి పదో వంతు మధ్య పెట్టుకుంటారు. మన మొత్తం ఎత్తు 4.4 మీటర్లు, కాబట్టి 0.37 నుంచి 0.44 మధ్య పడుతుంది. 0.40 తీసుకున్నాం. స్టెమ్ అడుగున కూడా అంతే, 0.40. స్టెమ్ తల దగ్గర లెక్క ప్రకారం దాదాపు ఏమీ అక్కర్లేదు, కానీ రెండు వరుసల రాడ్ల మధ్యకి వైబ్రేటర్ సూది దిగాలంటే 0.20 ఉండాల్సిందే. అంతకంటే సన్నగా పోస్తే హనీకూంబ్, అంటే కాంక్రీట్‌లో గుల్ల, తప్పదు.

స్టెమ్ వెనక వైపు నిటారుగా, ముందు వైపు వాలుగా పెట్టాం. మట్టి నింపాక గోడ తల కొద్దిగా ముందుకి కదలడం సహజం. ముందు వైపు ముందే వాలు ఉంటే ఆ కదలిక గోడ పడిపోతున్నట్టు కనిపించదు. మెయిన్ రాడ్లు కూడా తిన్నగా నిలబడతాయి.

ఇప్పుడు హీల్ పొడవు దానంతటదే వస్తుంది. 3.0 లోంచి టో 0.9, స్టెమ్ మందం 0.4 తీసేస్తే 1.7 మీటర్లు.

```
heel  = B - toe - tb
Vbase = B × tbase × L
Vstem = (ttop + tb)/2 × H × L
```

ఇందులో B బేస్ వెడల్పు, tb స్టెమ్ అడుగు మందం, ttop తల మందం, tbase బేస్ మందం, H స్టెమ్ ఎత్తు, L గోడ పొడవు.

కాంక్రీట్

బేస్: 3.0 × 0.4 × 20 = 24 క్యూబిక్ మీటర్లు.

స్టెమ్: అడుగున 0.4, తల దగ్గర 0.2, సగటు 0.3. 0.3 × 4 × 20 = 24 క్యూబిక్ మీటర్లు.

మొత్తం 48. బయటికి కనిపించే గోడ ఎంత కాంక్రీట్ తింటుందో, మట్టిలో దాగే బేస్ కూడా అంతే తింటుంది. గోడని మాత్రమే కళ్ళ ముందు పెట్టుకుని బడ్జెట్ వేసుకున్న ఓనర్లు దెబ్బ తినేది ఇక్కడే. ఇంకో వైపు, స్టెమ్ మొత్తానికీ అడుగు మందమే వేసి 32 క్యూబిక్ మీటర్లు రాసిన బిల్లులు కూడా చూశాను. అందులో 8 క్యూబిక్ మీటర్లు లేని కాంక్రీట్. 6 క్యూబిక్ మీటర్ల మిక్సర్ లారీ లెక్కన ఒక లారీ కంటే ఎక్కువ.

బేస్ కింద పీసీసీ, అంటే స్టీల్ లేని కాంక్రీట్ పొర, వేరే. 10 సెంటీమీటర్ల మందం, నాలుగు వైపులా 15 సెంటీమీటర్లు బయటికి ఉండేలా వేస్తాం: 3.3 × 20.3 × 0.1 = 6.7 క్యూబిక్ మీటర్లు. ఎం10 సరిపోతుంది. ఇది వదిలేసి మట్టి మీదే రాడ్లు పరిస్తే కవర్ బ్లాకులు మట్టిలోకి దిగిపోయి అడుగు రాడ్డుకి కవర్, అంటే రాడ్డు బయట ఉండాల్సిన కాంక్రీట్ పొర, మిగలదు.

ఒక విషయం గమనించారా? కాంక్రీట్ లెక్కలో టో పొడవు ఎక్కడా రాలేదు. టో 0.9 ఉన్నా 0.6 ఉన్నా బేస్ వెడల్పు మూడు మీటర్లే, కాంక్రీట్ 48 దగ్గరే ఉంటుంది. అందుకే చాలామంది టో కొలతని పట్టించుకోరు. కానీ స్టెమ్ బేస్ మీద ఎక్కడ నిలబడుతుందో చెప్పేది టో పొడవే. అది మారితే హీల్ మారుతుంది, హీల్ మారితే స్టీల్ మారుతుంది. ఎలాగో కాసేపట్లో చూద్దాం.

సిమెంట్ గురించి ఒక మాట. ఎం25 అంటే 1:1:2 అని లెక్కేసి క్యూబిక్ మీటర్‌కి 11 బస్తాలు చెప్పే వాళ్ళున్నారు. ఐఎస్ 456 నామినల్ మిక్స్‌ని ఎం20 దాకానే ఒప్పుకుంటుంది. ఎం25కి మిక్స్ డిజైన్ చేయించాలి, లేదా ప్లాంట్‌లో కలిపిన రెడీ మిక్స్, అంటే ఆర్‌ఎంసీ, తెప్పించాలి. మిక్స్ డిజైన్‌లో 350 కిలోలు వచ్చిందనుకుంటే 48 క్యూబిక్ మీటర్లకి 336 బస్తాలు. 1:1:2 లెక్కన అయితే 528 బస్తాలు అవుతుంది.

స్టీల్: ఏ రాడ్డు ఎటు వైపు

అంకెల కంటే ముందు వైపులు తేల్చుకోవాలి. మట్టి స్టెమ్‌ని ముందుకి తోస్తుంది, కాబట్టి స్టెమ్ వెనక ముఖం సాగుతుంది. మెయిన్ రాడ్లు మట్టి వైపే ఉండాలి. హీల్ మీద మట్టి బరువు కిందికి నొక్కుతుంది, కాబట్టి హీల్‌లో మెయిన్ రాడ్లు పైన. టోని నేల పైకి నెడుతుంది, కాబట్టి టోలో మెయిన్ రాడ్లు కింద. కొత్త మేస్త్రీలు కనిపించే వైపు బలంగా ఉండాలని లావు రాడ్లు ముందు పెట్టేస్తుంటారు. షట్టరింగ్ మూసే ముందు మీరే వెళ్ళి చూడండి. దగ్గర దగ్గరగా ఉన్న 12 మి.మీ. రాడ్లు మట్టి వైపు లేకపోతే పని ఆపించండి. కాంక్రీట్ పోశాక ఈ తప్పు దిద్దే మార్గం లేదు.

మన గోడకి డిజైనర్ ఇచ్చింది ఇది. మొరం బరువు క్యూబిక్ మీటర్‌కి 18 కిలోన్యూటన్లు, ఘర్షణ కోణం 30 డిగ్రీలు అనుకుంటే స్టెమ్ అడుగున మీటర్ పొడవుకి మూమెంట్ 64 కిలోన్యూటన్ మీటర్లు. ఒకటిన్నర రెట్లు చేసి లెక్కేస్తే మీటర్‌కి సుమారు 670 చదరపు మి.మీ. స్టీల్ కావాలి. 12 మి.మీ. రాడ్లు 125 మి.మీ. దూరంలో పెడితే 905 వస్తుంది.

మూమెంట్ పైకి పోయే కొద్దీ వేగంగా తగ్గుతుంది కాబట్టి రాడ్డు విడిచి రాడ్డు మధ్యలో ఆపేస్తారు. మిగిలిన వాటి మధ్య దూరం 250 అవుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మెయిన్ రాడ్ల మధ్య 300 మి.మీ. కంటే ఎక్కువ దూరం ఉండకూడదు. అదే 16 మి.మీ. రాడ్లు 200 దూరంలో పెట్టి సగం ఆపేస్తే పైన 400 అవుతుంది, అది చెల్లదు.

రాడ్డు పొడవు ఎలా వస్తుంది

స్టెమ్ వెనక పొడవాటి రాడ్డునే తీసుకుందాం. స్టెమ్‌లో 4.0 మీటర్ల నుంచి పైన కవర్ 0.05 తీస్తే 3.95. బేస్‌లో 0.40 నుంచి అడుగు కవర్ 0.05, కింద జాలీ మందం రెండు సెంటీమీటర్లు తీస్తే 0.33. అక్కడ ఎల్ ఆకారంలో టో వైపు వంగుతుంది, కాలు 0.45. మొత్తం 4.73. లంబంగా వంచినప్పుడు రాడ్డు సాగుతుంది కాబట్టి రెండు వ్యాసాలు, అంటే 24 మి.మీ. తీసేస్తే కటింగ్ లెంగ్త్ 4.70 మీటర్లు.

బేస్‌లో 0.33, 0.45 కలిపి 0.78 మీటర్లు పట్టు దొరికింది. ఎం25, ఎఫ్ఈ 500కి 12 మి.మీ. రాడ్డు డెవలప్‌మెంట్ లెంగ్త్, అంటే జారకుండా కాంక్రీట్‌లో ఉండాల్సిన పట్టు పొడవు, 0.58. సరిపోతుంది. ఆ కాలు టో వైపు తిరగాలి. హీల్ వైపు తిప్పితే స్టెమ్, టో కలిసే మూల బలహీనపడుతుంది.

ఎన్ని రాడ్లు? 20 మీటర్లలోంచి రెండు చివర్ల కవర్ తీస్తే 19.9. దాన్ని 0.125తో భాగిస్తే 159.2, పైకి సర్దితే 160, ఒకటి కలిపితే 161. ఆ ఒకటి కలపడం మర్చిపోతే చివరి రాడ్డు ఉండదు. 161లో 81 పొడవాటివి, 80 పొట్టివి.

పొట్టి రాడ్డు దగ్గర నేను నేర్చుకున్న సంగతి చెప్పాలి. మొదట డ్రాయింగ్‌లో పొట్టి రాడ్లు బేస్ పైన 2 మీటర్ల దగ్గర ఆగాయి. కటింగ్ లెంగ్త్ 2.75. మార్కెట్‌లో రాడ్డు 12 మీటర్లు. ఒక రాడ్డులోంచి 4.70 ముక్కలు రెండు తీస్తే 2.60 మిగులుతుంది. పొట్టి రాడ్డుకి 15 సెంటీమీటర్లు తక్కువ! స్టీల్ మేస్త్రీ ఆ ముక్కల గుట్ట చూపించి, "సార్, ఇవన్నీ తుక్కుకేనా?" అని అడిగాడు. డిజైనర్‌కి ఫోన్ చేసి 1.85 మీటర్ల దగ్గర ఆపొచ్చా అని అడిగాను. ఆ ఎత్తులో మిగిలిన రాడ్లు మూమెంట్‌కి సరిపోతాయో లేదో, పట్టు పొడవు మిగులుతుందో లేదో ఆయన చూసి, రాతపూర్వకంగా సరే అన్నారు. ఇప్పుడు 4.70, 4.70, 2.60 కలిపి సరిగ్గా 12 మీటర్లు.

ముందు లెక్కలో పొడవాటి వాటికి 41 రాడ్లు, పొట్టి వాటికి 20, మొత్తం 61 కావాలి. మార్చాక 51 చాలు. పది రాడ్లు, అంటే 107 కిలోలు మిగిలాయి. నిజంగా గోడలోంచి తగ్గింది 80 పొట్టి రాడ్లలో తలా 15 సెంటీమీటర్లే, అంటే 12 మీటర్లు. మిగతాదంతా తుక్కుగా పోయేది. డిజైనర్ ఒప్పుకోకుండా సైట్‌లో మనమే కోసేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

మిగతా రాడ్లు

స్టెమ్ ముందు ముఖంలో నిలువు రాడ్లు 10 మి.మీ., 250 దూరంలో, 81. పొడవు 4.56.

స్టెమ్ అడ్డ రాడ్లు 10 మి.మీ., 200 దూరంలో, రెండు ముఖాల్లో. ఒక్కో ముఖానికి 3.9ని 0.2తో భాగిస్తే 19.5, సర్ది ఒకటి కలిపితే 21. రెండు ముఖాలకీ 42. గోడ పొడవు 19.9 మీటర్లు, రాడ్డు 12 మీటర్లు కాబట్టి ఒక చోట ల్యాప్, అంటే రెండు రాడ్ల చివర్లు పక్కపక్కన కలిపి కట్టడం, తప్పదు. ల్యాప్ 50 వ్యాసాలు, అంటే అర మీటర్. కాబట్టి ఒక్కో వరుస 20.4 మీటర్లు. ల్యాపులన్నీ ఒకే నిలువు గీత మీద పడకుండా వరుస విడిచి వరుస అటూ ఇటూ మార్చాలి. గోడ మధ్యలో ఎక్స్‌పాన్షన్ జాయింట్ ఉంటే అడ్డ రాడ్లు అక్కడే తెగిపోతాయి, అప్పుడు ప్రతి ముక్కకి విడిగా లెక్కేయాలి.

బేస్ అడుగు రాడ్లు 12 మి.మీ., 200 దూరంలో, 101. ఇవి టో కోసం పెట్టినవే అయినా మొత్తం వెడల్పూ నడుస్తాయి: 3.0 లోంచి రెండు కవర్లు తీస్తే 2.90. పన్నెండు మీటర్ల రాడ్డులో నాలుగు ముక్కలు, తుక్కు 40 సెంటీమీటర్లు.

హీల్ పై రాడ్లు 12 మి.మీ., 200 దూరంలో, 101. హీల్ 1.7 లోంచి కవర్ తీస్తే 1.65. స్టెమ్ వెనక ముఖం దాటి డెవలప్‌మెంట్ లెంగ్త్ లోపలికి పోవాలి, 0.60 తీసుకున్నాం. మొత్తం 2.25. ఇక్కడే టో పొడవు లెక్కలోకి దూరింది. స్టెమ్ ముఖం దగ్గరే ఈ రాడ్లు కోసేస్తే హీల్ మూల దగ్గర పగులు వస్తుంది, అదీ మట్టి కింద, ఎవరికీ కనిపించని చోట.

బేస్ పొడవు దిశలో 10 మి.మీ. రాడ్లు. కింద 150 దూరంలో 21, పైన హీల్ జాలీకి 200 దూరంలో 13. మొత్తం 34, ఒక్కోటి 20.4 మీటర్లు.

ఇంకో రెండు చిన్న వస్తువులు బిల్లుల్లో తరచుగా కనిపించవు. హీల్ పై జాలీని ఎత్తి పట్టే ఛెయిర్లు చదరపు మీటర్‌కి ఒకటి, 45 కావాలి. స్టెమ్ రెండు జాలీల మధ్య దూరం నిలిపే 8 మి.మీ. ముక్కలు 80. ఛెయిర్లు లేకపోతే కాంక్రీట్ పోసే వాళ్ళు తొక్కగానే పై జాలీ కిందికి కుంగుతుంది. హీల్‌కి పైన ఉండాల్సిన స్టీల్ మధ్యకి దిగిపోతే దాదాపు లేనట్టే.

బరువు

మీటర్ రాడ్డు బరువు కిలోల్లో కావాలంటే మి.మీ.లో వ్యాసం వర్గాన్ని 162తో భాగించాలి.

```
w = d² / 162
```

12 మి.మీ.కి 0.889, 10 మి.మీ.కి 0.617, 8 మి.మీ.కి 0.395.

| రాడ్డు | వ్యాసం | సంఖ్య | ఒక్కోటి (మీ.) | కిలోలు |
|---|---|---|---|---|
| స్టెమ్ వెనక, పొడవాటివి | 12 | 81 | 4.70 | 338 |
| స్టెమ్ వెనక, పొట్టివి | 12 | 80 | 2.60 | 185 |
| స్టెమ్ ముందు నిలువు | 10 | 81 | 4.56 | 228 |
| స్టెమ్ అడ్డ రాడ్లు | 10 | 42 | 20.40 | 529 |
| బేస్ అడుగు | 12 | 101 | 2.90 | 260 |
| హీల్ పై | 12 | 101 | 2.25 | 202 |
| బేస్ పొడవు దిశ | 10 | 34 | 20.40 | 428 |
| ఛెయిర్లు | 10 | 45 | 1.12 | 31 |
| జాలీ మధ్య ముక్కలు | 8 | 80 | 0.40 | 13 |

మొత్తం సుమారు 2,214 కిలోలు. 12 మి.మీ. 985, 10 మి.మీ. 1,216, మిగతాది 8 మి.మీ.

స్టెమ్ అడ్డ రాడ్లు 529 కిలోలు, స్టెమ్ మెయిన్ రాడ్లు రెండు రకాలూ కలిపి 523. గోడని నిలబెట్టేది మెయిన్ రాడ్డు అని దాన్నే లెక్కేసి అడ్డ రాడ్లకి "ఓ ఇరవై శాతం" కలుపుకుంటే నాలుగు వందల కిలోలకి పైగా తేడా పడుతుంది. ఎండకి, ఎండిపోవడానికి వచ్చే పగుళ్ళని ఆపేది ఈ అడ్డ రాడ్లే, కాబట్టి తగ్గించే వీలు లేదు.

కిలోల సూత్రం ఎందుకు తప్పుతుంది

2,214ని 48తో భాగిస్తే క్యూబిక్ మీటర్‌కి 46 కిలోలు. 80 కిలోల సూత్రం నమ్ముకుంటే 3,840 కిలోలు దిగేది, 1.6 టన్నులు అదనం. అలాగని 46ని కొత్త సూత్రంగా పెట్టుకోకండి. ఇదే మొరానికి స్టెమ్ 6 మీటర్లు అయితే అడుగున మూమెంట్ 64 నుంచి 216కి పోతుంది, మూడు రెట్లు దాటి. మందం ఎత్తుతో పాటు మెల్లగా పెరుగుతుంది, మూమెంట్ ఘనంతో పెరుగుతుంది. ఆ తేడా అంతా స్టీల్ మోయాలి. అక్కడ 46 కిలోలు ఏ మూలకీ రావు. క్యూబిక్ మీటర్ లెక్క వేసిన అంచనాని ఒకసారి సరిచూసుకోవడానికి పనికొస్తుంది, ఆర్డర్ పెట్టడానికి పనికిరాదు.

టో మారితే

ఇప్పుడు టో సంగతి. ముందు వైపు పక్క ప్లాట్ సరిహద్దు దగ్గరగా ఉందని టోని 0.9 నుంచి 0.6కి తగ్గించమని అడిగారనుకోండి. బేస్ 3 మీటర్లే ఉంచితే హీల్ 2.0 అవుతుంది. కాంక్రీట్ 48 కదలదు. హీల్ పై రాడ్డు 2.25 నుంచి 2.55కి పెరుగుతుంది, 101 రాడ్లకి 27 కిలోలు. పైన పొడవు దిశ రాడ్లు కూడా ఒకటో రెండో పెరుగుతాయి.

బరువు పెద్దగా పెరగలేదు కదా అనిపిస్తుంది. కానీ హీల్ వేరు దగ్గర మూమెంట్ మీటర్‌కి 40 నుంచి 52 కిలోన్యూటన్ మీటర్లకి పోతుంది. కావాల్సిన స్టీల్ 545 చదరపు మి.మీ. దాకా వస్తుంది. 12 మి.మీ. 200 దూరంలో ఇచ్చేది 565. అంచు మీద నిలబడ్డట్టే. టో కింద నేల మీద ఒత్తిడి కూడా చదరపు మీటర్‌కి 72 నుంచి 90 కిలోన్యూటన్లకి పెరుగుతుంది. టో కొలత మారిన ప్రతిసారీ డ్రాయింగ్ డిజైనర్ దగ్గరికి తిరిగి వెళ్ళాలి అనేది ఇందుకే.

ఈ లెక్క ఎక్కడి దాకా పనికొస్తుంది

పై అంకెలన్నీ వెనక మట్టిలో నీరు నిలవదన్న నమ్మకం మీద వేసినవి. 4.4 మీటర్ల ఎత్తుకి పొడి మట్టి తోపు మీటర్ పొడవుకి 58 కిలోన్యూటన్లు. నీరు గోడ తల దాకా నిండితే నీటి తోపు ఒక్కటే 95. మునిగిన మట్టి తోపు కూడా కలిస్తే మొత్తం రెండింతలు దాటుతుంది. ఏ రాడ్డూ దాన్ని ఉద్దేశించి పెట్టింది కాదు. కాబట్టి నీరు బయటికి పోయే వీప్ హోల్స్ కోసం పీవీసీ పైపులు, వాటి వెనక కంకర పొర కూడా ఈ ఎస్టిమేట్‌లోనే రాయాలి. మీటరున్నర దూరంలో రెండు వరుసలు వేస్తే 20 మీటర్లకి 26 పైపు ముక్కలు చాలు. వర్షం ఆగిన మర్నాడు గోడ ముందు నిలబడి చూడండి. పైపుల్లోంచి చుక్క రాకుండా గోడ ఒంటి మీద తడి చారలు కనిపిస్తే, వెనక కంకర మూసుకుపోయినట్టే.

గోడ పైన కారు తిరిగినా, వెనక నేల వాలుగా పైకి లేచినా, కింద నల్లరేగడి ఉన్నా ఈ డిజైన్ చెల్లదు. లెక్క వేసే పద్ధతి అదే, రాడ్లు మాత్రం వేరే వస్తాయి.

ఆర్డర్, దించుకోవడం

కాంక్రీట్ రెండు విడతలు. బేస్‌కి 24, వృథా మూడు శాతం కలిపితే 25 క్యూబిక్ మీటర్లు. బేస్‌తో పాటే స్టెమ్ అడుగున 10 సెంటీమీటర్లు కిక్కర్ అనే పొట్టి గోడ పోస్తే షట్టరింగ్ తిన్నగా కూర్చుంటుంది. ఆ కాంక్రీట్ స్టెమ్ లెక్కలోంచి తీసేయాలి, రెండు చోట్లా రాయకూడదు.

స్టీల్‌ని శాతం కలిపి కాకుండా రాడ్ల సంఖ్యతో ఆర్డర్ పెట్టండి. 12 మి.మీ.లో స్టెమ్ వెనక 51, బేస్ అడుగు 26, హీల్ పై 21, మొత్తం 98 రాడ్లు, సుమారు 1,046 కిలోలు. 10 మి.మీ.లో అడ్డ రాడ్లకి పడే ల్యాప్ ముక్కల వల్ల తుక్కు ఎక్కువ, 1.4 టన్నుల దాకా పడుతుంది. ముందు ముఖం నిలువు రాడ్లు కోయగా 2.88 మీటర్ల ముక్కలు మిగులుతాయి, ఒక్కోదాంట్లో రెండు ఛెయిర్లు వస్తాయి. కాబట్టి ఛెయిర్లకి విడిగా రాడ్డు కొనక్కర్లేదు. బైండింగ్ వైర్ 20 కిలోలు.

లారీ వచ్చినప్పుడు బరువు చీటీతో పాటు రాడ్లు లెక్కపెట్టండి. 12 మి.మీ. రాడ్డు 12 మీటర్లది ఒకటి తూకం వేస్తే 10.67 కిలోలు ఉండాలి. ఐఎస్ 1786 ప్రకారం ఈ సైజులో ఒక్క రాడ్డుకి ఆరు శాతం దాకా తక్కువ ఒప్పుకోవచ్చు, అంటే 10.0 కంటే తగ్గకూడదు. 9.8 తూగితే ఆ కట్ట దించనీయకండి. తక్కువ తూగే రాడ్డులో కోత వైశాల్యం తక్కువ ఉంటుంది, డిజైనర్ ఇచ్చిన 905 మీ గోడలో ఉండదు.